రెడీమిక్స్ కాంక్రీటు కొనుగోలు ఆర్డరులో ఏమేమి రాయాలి: హనుమకొండలో ఒక స్లాబు ఉదాహరణగా

‘ఎం25 రెడీమిక్స్, 60 ఘన మీటర్లు, పంపు చార్జీలు అదనం.’ వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లో చాలా ఆర్డర్లు ఈ ఒక్క వాక్యంతోనే ముగుస్తాయి. ధర మీద గంటల తరబడి బేరం జరుగుతుంది గానీ, మే నెల ఎండలో గట్టిపడుతూ వచ్చిన లారీని సైటులో ఎవరు, ఏ ఆధారంతో వెనక్కి పంపాలో ఎక్కడా రాసి ఉండదు. అప్పుడు డ్రైవరు లారీ మీదున్న నీటి పైపు అందుకుంటాడు, మేస్త్రీ తల ఊపుతాడు, స్లాబు పోత అయిపోతుంది. పరీక్ష కోసం అచ్చుల్లో పోసి ఉంచిన కాంక్రీటు క్యూబులు 28 రోజుల తరువాత తక్కువ బలం చూపిస్తే, నీళ్లు పోసింది మీ మనుషులేనని ప్లాంటు వాళ్లు అంటారు. ఆర్డరులో ఆ మాట రాయలేదు కాబట్టి మీ దగ్గర జవాబు ఉండదు.

కాబట్టి ఆర్డరును ధరల పత్రంగా కాకుండా, లారీ సైటు గేటు దగ్గర ఆగినప్పుడు చూసుకునే నిర్ణయ పత్రంగా రాయాలి. ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా చూద్దాం. హనుమకొండ శివారులో ఒక హాస్టల్ భవనం. రెండో అంతస్తు స్లాబు 300 చదరపు మీటర్లు, మందం 150 మి.మీ. అంటే స్లాబుకు 45 ఘన మీటర్లు, బీములకు మరో 15, మొత్తం 60. ప్లాంటు 18 కిలోమీటర్ల దూరంలో ఉంది. పని మే రెండో వారంలో, కాంక్రీటు పంపుతో ఎక్కించాలి.

మొదటి అడుగు: గ్రేడు, దానితో పాటు మరో నాలుగు మాటలు

ఎం25 అంటే 150 మి.మీ. క్యూబు 28 రోజులకు చూపే లాక్షణిక బలం 25 మెగాపాస్కల్. పరీక్షా ఫలితాల్లో నూటికి ఐదు కంటే ఎక్కువ దాని కిందికి పోకూడదని అర్థం. అందుకే ప్లాంటు 25కే మిక్స్ తయారుచేస్తే సరిపోదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10262 పద్ధతిలో, ఫలితాల హెచ్చుతగ్గులను కొలిచే ప్రామాణిక విచలనం 4 అనుకుంటే, లక్ష్య బలం 25కు 1.65 రెట్ల 4 కలిపి 31.6 మెగాపాస్కల్ రావాలి. ప్లాంటు ఇచ్చే మిక్స్ డిజైన్ కాగితంలో మీరు మొదట వెతకాల్సిన అంకె ఇదే. ట్రయల్ మిక్స్ ఫలితం 27 దగ్గర ఉంటే, క్యూబు పాసయినట్టే కనిపించినా ఆ డిజైన్‌ను ఒప్పుకోవద్దు.

గ్రేడు ఒక్కటే మన్నికను చెప్పదు. ఐఎస్ 456:2000 ప్రకారం మధ్యస్థ వాతావరణ పరిస్థితికి ఉక్కు వేసిన కాంక్రీటు కనీసం ఎం25 ఉండాలి, ఘన మీటరుకు కనీసం 300 కిలోల సిమెంటు ఉండాలి, నీరు–సిమెంటు నిష్పత్తి 0.50 దాటకూడదు. ఈ మూడూ ఆర్డరులో విడివిడిగా కనిపించాలి. తరువాతి మాట సిమెంటు రకం, ఫ్లై యాష్ అనే బొగ్గు బూడిద వాటా. మన దగ్గర రామగుండం, చెల్పూరు థర్మల్ కేంద్రాలు దగ్గరే కాబట్టి ఫ్లై యాష్ వాడకం సహజం, అందులో తప్పూ లేదు. పరిమితిలో కలిపితే అది 300 కిలోల లెక్కలోకి కూడా వస్తుంది. అయితే ఫ్లై యాష్ ఎక్కువైన కొద్దీ తొలి రోజుల బలం నెమ్మదిగా పెరుగుతుంది, సెంట్రింగ్ విప్పే రోజు వెనక్కి జరుగుతుంది. అందుకే వాటా ఎంతో ముందే రాయించుకోవాలి. ప్లాంటు మనకు చెప్పకుండా ఆ వాటాను మార్చే వీలు ఉండకూడదు.

కంకర గరిష్ఠ పరిమాణం 20 మి.మీ. అని కూడా రాయండి. ఇసుక బదులు రోబో శాండ్ వాడుతుంటే ఆ విషయం డిజైన్‌లో కనిపించాలి. దాంట్లో ధూళి ఎక్కువైతే నీటి అవసరం పెరుగుతుంది, స్లంపు, అంటే కోనులో నింపి కోను ఎత్తేశాక తడి కాంక్రీటు ఎన్ని మి.మీ. కిందికి జారుతుందన్న కొలత, త్వరగా పడిపోతుంది.

ఆర్డరులో వాక్యం ఇలా ఉండవచ్చు: ‘గ్రేడు ఎం25, 20 మి.మీ. కంకర, సిమెంటు, ఫ్లై యాష్ కలిపి ఘన మీటరుకు 300 కిలోలకు తగ్గకూడదు, నీరు–సిమెంటు నిష్పత్తి 0.50 మించకూడదు, ఆమోదించిన మిక్స్ డిజైన్‌లో ఏ పదార్థం, ఏ మోతాదు మారినా రాతపూర్వక అనుమతి కావాలి.’

రెండో అడుగు: స్లంపు ఎక్కడ, ఎప్పుడు?

అన్నిటికంటే ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. ‘స్లంపు 120’ అని రాస్తే అది ప్లాంటులో 120నా, సైటులో 120నా? ప్లాంటు దగ్గర 120 ఉన్న కాంక్రీటు మే ఎండలో ముప్పావు గంట ప్రయాణం చేసి వచ్చేసరికి 70కి పడిపోవచ్చు. అది పంపులో సరిగ్గా నడవదు. ప్లాంటు వాళ్లు తమ కొలత చూపిస్తారు, మీరు మీ కొలత చూపిస్తారు. రెండూ నిజమే. తేల్చేది ఆర్డరు మాత్రమే.

కాబట్టి స్లంపు అంకె పక్కన స్థలం తప్పకుండా ఉండాలి: ‘సైటులో, పంపు తొట్టిలోకి వదిలేచోట, 120 మి.మీ.’ ప్లాంటు దగ్గర ఎంత పెట్టుకోవాలన్నది వాళ్ల బాధ్యత. 160 పెట్టుకుంటారో 170 పెట్టుకుంటారో ప్రయాణంలో ఎంత పోతుందో వాళ్లకే తెలియాలి. హెచ్చుతగ్గులకు ఐఎస్ 4926 ఒక సూత్రం ఇస్తుంది. 25 మి.మీ., లేదా చెప్పిన స్లంపులో మూడో వంతు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. 120లో మూడో వంతు 40, కాబట్టి మనకు వర్తించేది 25. అంటే 95 నుంచి 145 వరకు ఒప్పుకోవాలి, బయట ఉంటే వద్దనాలి. 150 దాటి వచ్చిన లారీని ‘బాగా పారుతోంది కదా’ అని ఆనందంగా దించుకోవడం చాలా చోట్ల చూస్తాం. అది అదనపు నీటి గుర్తు కావచ్చు. అడుగున నీరు కారుతున్నా, కంకర విడిపోతున్నా, స్లంపు అంకె సరిగ్గా ఉన్నా సరే ఆ లారీని ఆపాలి.

స్లంపు ఎంతసేపు నిలబడుతుందో ట్రయల్‌లోనే చూపించమని అడగండి. కలిపిన వెంటనే, 30, 60, 90, 120 నిమిషాలకు కొలిచిన స్లంపు పట్టిక కావాలి. ఆ ట్రయల్ ఏసీ గదిలో కాకుండా ఎండవేళ, వేడిగా ఉన్న పదార్థాలతో జరగాలి. డిసెంబరులో చేసిన ట్రయల్ కాగితం మే నెల పోతకు పనికిరాదు.

సైటులో కొలిచే పద్ధతిపై వాదన రాకుండా ఒక మాట రాయండి. కోను ఎత్తు 300 మి.మీ., అడుగు 200, పై వ్యాసం 100. కాంక్రీటును మూడు పొరలుగా నింపి, ఒక్కో పొరకు 16 మి.మీ. కడ్డీతో 25 పోట్లు వేయాలి. లారీ నుంచి పడిన మొదటి కొంత కాంక్రీటును వదిలేసి, తరువాత వచ్చిన దాని నుంచి నమూనా తీయాలి. కోను కింద రేకు సమతలంగా, గట్టిగా ఉండాలి. ఊగే సెంట్రింగ్ పలక మీద పెట్టి కొలిచిన అంకెను ఎవరూ నమ్మనక్కర్లేదు.

మూడో అడుగు: సమయం, లారీల లెక్క

ఐఎస్ 4926 సాధారణ నియమం: లారీలో నింపిన సమయం నుంచి 2 గంటల్లోగా పూర్తిగా దించాలి. సెట్టింగ్ ఆలస్యం చేసే రసాయనం వాడినా, కాంక్రీటును చల్లబరిచినా అంతకంటే ఎక్కువ వ్యవధిని అనుమతించవచ్చు. అయితే ఆ వెసులుబాటును డ్రైవరు మాట మీద ఇవ్వకండి. 120 నిమిషాలకు మించిన ట్రయల్ ఫలితం చూపిస్తేనే ఇవ్వండి. వ్యవధి, స్లంపు రెండూ వేరు వేరు హద్దులు. ఏది ముందు దాటినా లారీ వెనక్కి పోవాలని స్పష్టంగా రాయాలి. రెండు గంటలు కాలేదు కదా అని గట్టిపడిన కాంక్రీటును, స్లంపు ఉంది కదా అని మూడు గంటల కాంక్రీటును ఒప్పుకునే ప్రమాదం అప్పుడు ఉండదు.

ఇప్పుడు మన ఉదాహరణ లెక్క. లారీకి 6 ఘన మీటర్లు. ప్లాంటులో నింపడం 10 నిమిషాలు, ప్రయాణం 45, సైటులో నిలబడటం 10, దించడం 18, కడగడం 10, తిరుగు ప్రయాణం సుమారు 42. ఒక చుట్టు మొత్తం 135 నిమిషాలు. నింపడం మొదలైనప్పటి నుంచి దించడం అయ్యేవరకు 83 నిమిషాలు. అంటే రెండు గంటల్లో మనకు మిగిలే ఊపిరి అరగంట పైచిలుకు మాత్రమే. కాజీపేట వైపు నుంచి దారి ఉంటే ఒక ట్రాఫిక్ జామ్ అందులో సగం తినేస్తుంది. మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డు మీద పోత పెట్టుకోనే వద్దు.

నాలుగు లారీలే ఇస్తే రెండు లారీల మధ్య వ్యవధి సుమారు 34 నిమిషాలు, ఐదు ఇస్తే 27. పది లారీల కాంక్రీటుకు తొమ్మిది వ్యవధులు. ఐదు లారీలతో మొదటి లారీ నుంచి చివరిది ఖాళీ అయ్యేవరకు సుమారు నాలుగున్నర గంటలు, నాలుగు లారీలతో దాదాపు ఐదున్నర. ఉదయం 5:30కు మొదటి లారీ వస్తే, ఐదు లారీలతో పదిలోపు ముగుస్తుంది. నాలుగయితే పదకొండు గంటల ఎండలోకి వెళతాం. ఒక్క లారీ తేడా ఇంతటిది. అందుకే ‘లారీలు సరిపడా పంపాలి’ అని కాకుండా ‘ఈ పోతకే కేటాయించిన ఐదు లారీలు, రెండు లారీల మధ్య ఎడం 45 నిమిషాలు దాటకూడదు’ అని రాయాలి. ఎడం దాటితే ముందు పోసిన అంచు గట్టిపడి, కొత్త కాంక్రీటు దానికి అతకక చల్లని జాయింటు ఏర్పడుతుంది. ప్లాంటు చెడిపోతే ఎక్కడ ఆపాలో కూడా ముందే డ్రాయింగులో గీసి ఉంచుకోండి. సాధారణంగా అది బీము, స్లాబు విస్తారపు మధ్య భాగంలో, కోత బలం తక్కువగా ఉన్న చోట ఉంటుంది.

వేడి సంగతి. ఐఎస్ 7861 ప్రకారం పోసేటప్పుడు కాంక్రీటు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటకూడదు. మే నెలకు ఆర్డరులో 35 డిగ్రీలు రాయమని నేను చెబుతాను. 40 చివరి గోడ లాంటిది, దాని పక్కనే నడవడం ఎందుకు? 35 సాధించడానికి ప్లాంటు చల్లటి నీరు, మంచు వాడుకోవాలి, కంకర కుప్పలపై నీడ వేయాలి, నీళ్లు చల్లాలి. ప్రతి లారీలో థర్మామీటరు ముంచి చూసే హక్కు మీకుందని ఒక వాక్యం ఉంటే చాలు.

నాలుగో అడుగు: నీటి నియమం

దీన్ని విడిగా, మందమైన అక్షరాలతో రాయండి. నీళ్లు ఎందుకు ప్రమాదమో అంకెల్లో చూద్దాం. ఆమోదించిన డిజైన్‌లో సిమెంటు, ఫ్లై యాష్ కలిపి 340 కిలోలు, నీరు 160 లీటర్లు అనుకుందాం. నిష్పత్తి 0.47. సైటులో 6 ఘన మీటర్ల లారీలో 60 లీటర్లు పోశారు, అంటే ఘన మీటరుకు 10 లీటర్లు. నీరు 170 అయింది, నిష్పత్తి సరిగ్గా 0.50కు చేరింది. హద్దు మీద నిలబడ్డాం. 100 లీటర్లు పోస్తే 0.52, హద్దు దాటిపోయింది. పైపును ఒకటి రెండు నిమిషాలు వదిలితే ఆ 100 లీటర్లు వచ్చేస్తాయి, ఎవరూ కొలవరు. నీరు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది, స్లాబు ఆరినప్పుడు పగుళ్లూ పెరుగుతాయి.

స్లంపు పెంచడానికి మార్గం మరొకటి ఉంది. అది నీటిని తగ్గించే రసాయనాన్ని రెండోసారి కలపడం. దాన్ని ప్లాంటు టెక్నీషియన్, డిజైన్‌లో ముందే పరీక్షించిన మోతాదులో, ఒక్కసారే కలపాలి. తరువాత డ్రమ్మును వేగంగా కనీసం ఐదు నిమిషాలు తిప్పాలి, స్లంపు మళ్లీ కొలవాలి. మళ్లీ కిందకే ఉంటే లారీ వెనక్కి. ఆర్డరులో: ‘ప్లాంటు విడిచిన తరువాత ఎవరూ నీరు కలపకూడదు. డ్రైవరు కలిపితే ఆ లారీ తిరస్కరణ, ధర చెల్లించబడదు. కొనుగోలుదారు మనుషులు కలిపితే ఆ లారీ బలానికి ప్లాంటు బాధ్యత ఉండదు. టికెట్‌పై ఇరువురూ సంతకం చేయాలి.’ ఈ చివరి వాక్యం మీకు వ్యతిరేకంగా కనిపిస్తుంది గానీ, మీ మేస్త్రీని పైపు దగ్గరికి వెళ్లనివ్వకుండా ఆపేది అదే.

పంపు గొట్టాలను తడపడానికి వాడే సిమెంటు పాలు కూడా ఈ కోవలోనే వస్తాయి. అవి స్లాబులో పడకూడదు, బయట పారబోయాలి, ఘన మీటర్ల లెక్కలో చేర్చకూడదు.

ఐదో అడుగు: టికెట్, పరిమాణం

ప్రతి లారీతో టికెట్ వస్తుంది. అందులో ప్లాంటు పేరు, క్రమ సంఖ్య, లారీ నంబరు, గ్రేడు, స్లంపు, ఘన మీటర్లు, సిమెంటు రకం, నింపిన సమయం ఉండాలి. సైటుకు వచ్చిన, దించడం మొదలైన, ముగిసిన సమయాలను మీ మనిషి గడియారం చూసి నింపాలి. వీటితో పాటు ప్రతి లారీకి ప్లాంటు కంప్యూటరు ఇచ్చే బ్యాచ్ కాగితం కూడా అడగండి. అందులో ప్రతి పదార్థానికి లక్ష్యం, తూచినది రెండూ ఉంటాయి. సిమెంటులో 2 శాతం, కంకర, నీరు, రసాయనాల్లో 3 శాతం వరకు తేడా ఒప్పుకోదగ్గది. ఇసుక తేమకు సరిచేసిన నీటి అంకె ఉందో లేదో చూడండి. వాన పడిన మరుసటి రోజు కూడా నీటి అంకె ఏమాత్రం మారకపోతే, ఇసుక తేమను ఎవరూ కొలవడం లేదని అనుమానించాలి.

పరిమాణాన్ని కాంటా మీద తేల్చుకోవచ్చు. అప్పుడే నింపిన, ఖాళీ క్యూబు అచ్చుల బరువుల తేడా చూడండి. 150 మి.మీ. క్యూబులో 3.375 లీటర్లు పడతాయి. కాంక్రీటు బరువు 8.1 కిలోలు వస్తే సాంద్రత ఘన మీటరుకు 2,400 కిలోలు. అంటే 6 ఘన మీటర్ల లారీలో 14.4 టన్నులుండాలి. నిండుగా, ఖాళీగా తూచినప్పుడు తేడా 13.7 టన్నులే వస్తే, అందులో ఉన్నది 5.7 ఘన మీటర్లు. పది లారీల్లో దాదాపు మూడు ఘన మీటర్లు తగ్గినట్టు. ‘కొనుగోలుదారు కోరిన ఏ లారీనైనా రెండుసార్లు తూచాలి, బిల్లు ఆ లెక్కనే’ అని రాసి ఉంచితే, చాలావరకు తూచాల్సిన అవసరమే రాదు.

ఆరో అడుగు: క్యూబులు, ఫలితం చదవడం

ఐఎస్ 456 ప్రకారం 50 ఘన మీటర్ల దాకా నాలుగు నమూనాలు, ఆ పైన ప్రతి 50కి లేదా అందులో భాగానికి మరొకటి. మన 60కి ఐదు. ఒక్కో నమూనాకు 28 రోజుల కోసం మూడు క్యూబులు, మొత్తం పదిహేను. 7 రోజుల సూచన కావాలంటే మరో మూడేసి అదనంగా వేయండి. ఏ లారీల నుంచి తీస్తామో ముందుగా ప్లాంటుకు చెప్పకండి. స్లంపు మాత్రం ప్రతి లారీకి.

క్యూబులు నింపిన తరువాత మొదటి రోజే చాలామంది చెడగొడతారు. తడి గోనె కప్పి నీడలో ఉంచి, 24 గంటలకు అచ్చు విప్పి, 27 డిగ్రీలకు 2 అటూ ఇటూ ఉన్న నీటిలో ఉంచాలి. మే నెలలో ఎండలో పెట్టిన డ్రమ్ము నీరు ఆ హద్దులో ఉండదు. కాబట్టి క్యూబులను మరునాడే ల్యాబుకు పంపే బాధ్యత ఎవరిదో రాయండి. ల్యాబు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్నదో, ఇంజినీరింగ్ కళాశాల ల్యాబో, ఇద్దరూ ముందే ఒప్పుకుని ఆర్డరులో పేరు రాయాలి. ఫలితం వచ్చాక ల్యాబును తప్పుపట్టే దారి అప్పుడు మూసుకుపోతుంది.

ఫలితాలు ఇలా చదవాలి. ముందు ఒక నమూనాలోని మూడు క్యూబులు సగటు నుంచి 15 శాతానికి మించి తేడా పడకూడదు. 30, 29, 22 వస్తే సగటు 27, అందులో 22 సుమారు 18.5 శాతం తక్కువ, కాబట్టి ఆ నమూనా చెల్లదు. తరువాత వరుస నాలుగు నమూనాల సగటు, 25కు 0.825 రెట్ల ప్రామాణిక విచలనం కలిపిన అంకెకు గానీ, 25కు 3 కలిపిన అంకెకు గానీ, ఏది ఎక్కువైతే దానికి తగ్గకూడదు. విచలనం 4 అయితే 0.825 రెట్లు 3.3, దగ్గరి అర అంకెకు సవరిస్తే 3.5, కాబట్టి హద్దు 28.5. ఏ నమూనా కూడా 22కు తగ్గకూడదు.

మన ఐదు నమూనాలు 31, 29.5, 27, 30, 28.5 వచ్చాయనుకోండి. మొదటి నాలుగు సగటు 29.4, అన్నీ 22 పైన, కాబట్టి ఆమోదం. మూడో నమూనా 27 బదులు 21.5 వస్తే సగటు 28కి పడిపోతుంది, ఒంటరి హద్దు కూడా తప్పుతుంది. అంటే రెండు విధాలా విఫలం.

ఏడో అడుగు: విఫలమైతే

ఇక్కడ ఆర్డరు మౌనంగా ఉంటే అన్ని జాగ్రత్తలూ వృథా. మొదట ఆ నమూనా ఏ లారీది, ఆ లారీ స్లాబులో ఎక్కడ పడిందో తెలియాలి. అందుకు పోత రోజునే ప్లాన్ కాగితం మీద ప్రతి లారీ పడిన ప్రాంతాన్ని పెన్సిల్‌తో గుర్తించి టికెట్ నంబరు రాయాలి. అప్పుడు మొత్తం స్లాబును అనుమానించనక్కర్లేదు.

ఆ ప్రాంతంలో కనీసం మూడు కోర్లు, అంటే గట్టిపడిన స్లాబు నుంచి గుండ్రంగా కోసిన ముక్కలు, తీయాలి. ఐఎస్ 456 ప్రకారం వాటి సమాన క్యూబు బలం సగటు గ్రేడులో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకపోతే ఆ కాంక్రీటును ఒప్పుకోవచ్చు. ఎం25కు ఆ అంకెలు 21.25, 18.75. కోర్లు తీసేముందు స్లాబులో ఉక్కు ఎక్కడుందో యంత్రంతో గుర్తించి, దాన్ని కోయకుండా తీయాలి. కోర్ల ఖర్చు మొదట ప్లాంటు పెట్టుకుంటుందని, పాసయితే కొనుగోలుదారు తిరిగి ఇస్తాడని రాసుకోవడం న్యాయంగా ఉంటుంది. ఫెయిలయితే నిర్మాణ ఇంజినీరు చెప్పిన బలపరిచే పని, లేదా తొలగించి మళ్లీ పోసే ఖర్చు, సెంట్రింగ్ అద్దెతో సహా ప్లాంటుదే. బిల్లులో పది శాతం 28 రోజుల ఫలితం వరకు ఆపి ఉంచుతామని, ఏడు రోజుల ఫలితం ఆధారంగా తుది చెల్లింపు జరగదని, 28 రోజుల ఫలితం రాకముందు సెంట్రింగ్ విప్పే నిర్ణయం సైటు ఇంజినీరుదేనని చివరి వాక్యాలుగా రాయండి.